కొబ్బరి బిల్లు మారిన ప్రతిసారీ: అంబాజీపేట నుంచి కొనుగోలుదారుకు వెళ్లాల్సిన కబురు

అంబాజీపేట మార్కెట్లో ధర ఒక్క కొలతలో పలకదు. కొత్త కొబ్బరి క్వింటాల్ లెక్కన అమ్ముతారు. కురిడీలో గండేరా, గటగటా రకాలు వెయ్యి లెక్కన పోతాయి. పచ్చికాయ, ముక్కుడు కాయ కూడా వెయ్యి లెక్కే. నూనెకు పదిహేను కిలోల డబ్బా లెక్క. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల తోటల్లో దిగిన కాయ ఇలా రకరకాల లెక్కల్లో లారీకెక్కి ఎక్కడో దూరాన ఉన్న వ్యాపారికి చేరుతుంది. అమ్మినవాడూ కొన్నవాడూ ముఖాముఖి కలిసేది అరుదు. అప్పు మీద నడిచే ఈ వ్యాపారంలో ఇద్దరికీ సాక్ష్యం బిల్లొక్కటే. అందుకే ఆ బిల్లు రూపం మారితే కొనుగోలుదారుకు ముందుగా చెప్పాలి. గత ఇరవై ఏళ్లలో ఆ అవసరం పదేపదే వచ్చింది.

మొదటి పెద్ద మార్పు 2005 ఏప్రిల్ 1న వచ్చింది. 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం స్థానంలో రాష్ట్రంలో వ్యాట్ అమలైంది. వ్యాపారికి పదకొండు అంకెల టిన్ నంబరు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ టిన్ 28తో మొదలయ్యేది. పొరుగు రాష్ట్రపు కొనుగోలుదారు తక్కువ రేటు పన్ను కోసం సీ ఫారం పంపేవాడు. అందులో అమ్మకందారు టిన్ సరిగ్గా ఉండి తీరాలి. పాత నంబరు వేసిన ఫారం వస్తే దాన్ని మార్పించుకునే బెడద అమ్మకందారుదే. అంటే బిల్లు పైభాగంలోని నంబరు గురించి కొనుగోలుదారుకు చెప్పడం మర్యాద కోసం చేసే పని కాదు, సొంత డబ్బును కాపాడుకోవడం. 2014లో రాష్ట్రం విడిపోయాక మన కోడు 37 అయింది. సరుకూ, కొట్టూ, యజమానీ పాతవే అయినా నంబరు మళ్లీ మారింది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు బిల్లు స్వరూపమే మారిపోయింది. రాష్ట్ర కోడు, పాన్ కలిసిన పదిహేను అక్షరాల గుర్తింపు సంఖ్య వచ్చింది. ఒకే పన్ను గడి ఉన్నచోట మూడు గడులు వచ్చాయి. ఎండు కొబ్బరి మీద 5 శాతం పన్ను. రాష్ట్రం లోపల అమ్మితే అది సగం సగం రెండు పద్దుల్లో పడుతుంది, బయటి రాష్ట్రానికి అమ్మితే ఐజీఎస్టీగా ఒకే పద్దులో పడుతుంది. కొబ్బరికాయకు మాత్రం పన్ను లేదు. కాయకూ ఎండు కొబ్బరికీ ఉన్న ఈ తేడాను 2021 అక్టోబరులో కేంద్రం మరోసారి స్పష్టం చేసింది. కాబట్టి రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి ఒకే లారీలో రెండూ పంపినా కాగితాలు రెండుండాలి: కొబ్బరికి టాక్స్ ఇన్వాయిస్, కాయకు బిల్ ఆఫ్ సప్లయ్. ఈ సంగతి ముందే చెప్పకపోతే అవతలి గుమస్తా ఒక కాగితాన్నే పద్దులో వేసి, రెండోదాన్ని పక్కన పడేసే ప్రమాదం ఉంది.

ఆ తర్వాతి మార్పు పన్నుల శాఖ నుంచి కాకుండా బ్యాంకు నుంచి వచ్చింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. ANDBతో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ కోడులు 2021 మార్చి 31 దాకా మాత్రమే పనిచేశాయి. కోస్తాలో ఆ బ్యాంకులో ఖాతా ఉన్న ప్రతి వ్యాపారీ బిల్లు కింద అచ్చువేసిన చెల్లింపు వివరాలను మార్చి, UBINతో మొదలయ్యే కొత్త కోడును అందరికీ తెలియజేయాల్సి వచ్చింది.

2023 ఆగస్టు 1 నుంచి ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారులకు ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి అయింది. దాంతో బిల్లు మీద 64 అక్షరాల ఐఆర్ఎన్, ఒక క్యూఆర్ కోడు చేరాయి. ఆ క్యూఆర్ బిల్లు అసలైనదో కాదో చూసుకోవడానికే. దాన్ని ఫోన్‌పేలో స్కాన్ చేస్తే డబ్బు వెళ్లదు. యూపీఐ క్యూఆర్ కూడా అదే కాగితం మీద వేసేవారు ఒక్కోదాని కింద ‘బిల్లు తనిఖీకి’, ‘చెల్లింపుకు’ అని పెద్ద అక్షరాలతో అచ్చువేయాలి.

ఈ మార్పుల ఒత్తిడితోనే చాలా కొట్లు పాత సాఫ్ట్‌వేర్ వదిలి కొత్తదానికి వెళ్తున్నాయి. అక్కడ దెబ్బ తగిలే చోట్లు మూడు.

మొదటిది బిల్లు నంబరు. నిబంధన ప్రకారం అది పదహారు అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. ఒక కొట్టు కొత్త వరుసను `AMP/KR/25-26/0001` అని పెట్టుకుందనుకుందాం. గీతలతో కలిపి లెక్కిస్తే పదిహేడు. అది చెల్లదు. `AMP/KR/2526/0001` అంటే సరిగ్గా పదహారు. 2022 జనవరి నుంచి కొనుగోలుదారుకు పన్ను జమ దక్కాలంటే ఆ బిల్లు అతని 2బీ పట్టికలో కనిపించాలి. కొత్త వరుస సంగతి తెలియక అతని గుమస్తా పాత పద్ధతిలో నంబరు రాసుకుంటే పట్టికతో సరిపోలదు. సరిపోలేదాకా అతను డబ్బు ఆపేస్తాడు.

రెండోది కొలత. జీఎస్టీలో క్వింటాల్‌కు `QTL`, వెయ్యికి `THD`, విడి కాయకు `NOS` అనే కోడులున్నాయి. ఇరవై ఐదు వేల కాయలకు పరిమాణం 25 అని వేసి, యూనిట్ `NOS`గా వదిలేస్తే మొత్తం సరిగ్గానే వస్తుంది. కాగితం మాత్రం లారీలో ఇరవై ఐదు కాయలే ఉన్నట్టు చెబుతుంది. తనిఖీలో లారీ ఆగేది అక్కడే. మొత్తాన్ని పరిమాణంతో భాగించి, వచ్చిన ధర బిల్లులోని యూనిట్‌కు మార్కెట్ ధరతో సరిపోతోందా అని చూస్తే ఈ తప్పు వెంటనే బయటపడుతుంది.

మూడోది పాత బాకీ. ఒక కొనుగోలుదారు మూడు బిల్లుల మీద రూ.90,000, రూ.70,000, రూ.80,000 బాకీ ఉన్నాడనుకోండి. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి రూ.2,40,000 అని ఒకే మొత్తంగా ఎక్కిస్తే, రేపు అతను రూ.70,000 పంపినప్పుడు అది ఏ బిల్లుకో తేలదు. బాకీని బిల్లువారీగా ఎక్కించాలి. ఆ జాబితా కొనుగోలుదారుకు పంపి ‘సరిపోయింది’ అనిపించుకున్నాకే పాత సాఫ్ట్‌వేర్ మూయాలి.

ఇక కబురు. పాత రూపంలో ఇచ్చే చివరి నెల బిల్లుల మీదే అది ఉండాలి. ఇంత చాలు:

“అయ్యా, ఏప్రిల్ 1 నుంచి మా బిల్లులు కొత్త రూపంలో వస్తాయి. బిల్లు నంబరు AMP/KR/2526/0001 నుంచి మొదలవుతుంది. మార్చి 31 నాటికి మీ బాకీ బిల్లుల జాబితా విడిగా పంపుతాం, తేడా ఉంటే ఏప్రిల్ 10లోగా చెప్పగలరు. డబ్బు పంపేటప్పుడు బిల్లు నంబరు రాయండి. మా బ్యాంకు ఖాతా మారలేదు.”

ఆ చివరి వాక్యం తప్పక ఉండాలి. బిల్లు రూపం మారుతోందని తెలిస్తే మోసగాళ్లు అదే అదనుగా వేరే ఖాతా నంబరుతో ఉత్తరం పంపగలరు. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో డబ్బు ఖాతా నంబరును బట్టే జమవుతుంది, పేరు కలిసిందా అని బ్యాంకు చూడదు. పంపేముందు ఖాతాదారు పేరు చూపించే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1లోగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. అయినా ఆ పేరు చదివి, ఆగాల్సింది పంపేవాడే.

కోనసీమ వ్యాపారులకు నా విన్నపం ఒక్కటే. బిల్లు రూపాన్నీ బ్యాంకు ఖాతానూ ఒకేసారి మార్చకండి. ఖాతా మార్చక తప్పకపోతే ఆ కబురు బిల్లుతోనో వాట్సాప్‌తోనో సరిపెట్టకుండా, కొనుగోలుదారు దగ్గర ముందునుంచీ ఉన్న మీ నంబరు నుంచి ఫోన్ చేసి మీ నోటితో చెప్పండి.