మహత్తు, మహతి, అమహత్తు: బహుళైచ్ఛిక ప్రశ్నలు

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం పురుషులను తెలిపే మాటలు మహత్తులు, స్త్రీలను తెలిపేవి మహతీవాచకాలు. జంతువులు, జడాలు అమహత్తులు.

నూజివీడు మామిడితోట మాటలతో ఒక ప్రశ్న చూద్దాం. మహతీవాచకం ఏది? (అ) మామగారు (ఆ) ఆవు (ఇ) కోడలు (ఈ) చినరసం.

చాలామంది ఆవు దగ్గర తప్పుతారు. ఆవు ఆడదే కాబట్టి మహతి అనిపిస్తుంది. కానీ తెలుగు లింగాన్ని ఒంటి పోలికతో కాక క్రియతో తేల్చాలి. ఏకవచనంలో కోడలు వచ్చింది, ఆవు వచ్చింది, పండు రాలింది. మూడూ ఒకే తీరు, ఇక్కడ తేడా దొరకదు. బహువచనం చేయగానే దారులు విడిపోతాయి: కోడళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి, పండ్లు రాలాయి. అంటే మహతి ఏకవచనంలో అమహత్తుతో, బహువచనంలో మహత్తుతో నడుస్తుంది. జవాబు (ఇ).

సంఖ్య పెట్టినా తెలుస్తుంది: ముగ్గురు కోడళ్ళు, మూడు ఆవులు.

ఈ పరీక్షకు ఒక హద్దుంది. 'అమ్మ వచ్చారు' అన్నది గౌరవ ప్రయోగం; అక్కడ 'ఆరు' చూసి బహువచనమని గుర్తించకూడదు.