గ్రంజ్: సియాటిల్ నేలమాళిగల నుంచి సూపర్‌మార్కెట్ అరల దాకా

గ్రంజ్ 1980ల రెండో సగంలో అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ చుట్టుపక్కల రూపుదిద్దుకున్న రాక్ సంగీత శైలి. పంక్ దూకుడు, హెవీ మెటల్ బరువు, బొంగురుపోయినట్టు వినిపించే గిటార్ దీని గుర్తులు. ఇంగ్లీషు వాడుకలో ఆ మాటకు మురికి, జిడ్డు అని అర్థం.

ఈ సంగీతానికి తొలి చిరునామా సబ్ పాప్ అనే చిన్న రికార్డు సంస్థ. బ్రూస్ పావిట్, జొనాథన్ పోన్‌మన్ దాన్ని నడిపారు. అది వెలువరించిన నిర్వానా బృందం తొలి ఆల్బమ్ ‘బ్లీచ్’ (1989) జాక్ ఎండినో దగ్గర రికార్డయింది. ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. అయితే ఆ పేదరికాన్ని కూడా సబ్ పాప్ తెలివిగా అమ్ముకుందన్నది మరువకూడదు. 1989లో లండన్ వారపత్రిక ‘మెలొడీ మేకర్’ విలేకరి ఎవరెట్ ట్రూకు విమానం టికెట్ కొనిచ్చి మరీ సియాటిల్‌కు రప్పించింది. అడవుల్లో చెట్లు కొట్టే ఊళ్ళ నుంచి వచ్చిన మొరటు కుర్రాళ్ళన్న బొమ్మ బ్రిటిష్ పాఠకుల మనసులో అలా పడింది. గ్రంజ్ ‘నిజాయితీ’ పెద్ద కంపెనీలు రాకముందే కొంత ప్రచార సరుకు.

నిర్వానా రెండో ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ 1991 సెప్టెంబరు 24న గెఫెన్ కంపెనీకి చెందిన డీజీసీ ద్వారా వెలువడింది. మొదట అమెరికా దుకాణాలకు పంపినవి సుమారు 46 వేల ప్రతులే. 1992 జనవరిలో అది మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ను తోసి బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. బుచ్ విగ్ రికార్డు చేసిన పాటలను ఆండీ వాలెస్ మిక్స్ చేసి రేడియోకు తగిన నునుపు తెచ్చాడు. ఆ నునుపు పంక్‌ది కాదని గాయకుడు కర్ట్ కొబేన్ తర్వాత బాహాటంగానే నొచ్చుకున్నాడు.

కీర్తి వెంట వేలంవెర్రి వచ్చింది. 1992 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ గ్రంజ్ కుర్రకారు మాటలంటూ ఒక పదకోశం అచ్చువేసింది. సబ్ పాప్‌లో మునుపు పనిచేసిన మేగన్ జాస్పర్ ఫోనులో అప్పటికప్పుడు కల్పించి చెప్పిన మాటలవి.

‘నెవర్‌మైండ్’ నునుపుపై కొబేన్ నొచ్చుకోలుకు జవాబే నిర్వానా మూడో ఆల్బమ్ ‘ఇన్ యుటెరో’. 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటాలోని పాకిడెర్మ్ స్టూడియోలో స్టీవ్ అల్బినీ దాన్ని రెండు వారాల్లో రికార్డు చేశాడు. అమ్మకాల్లో వాటా తీసుకోనని, ప్లంబర్‌లా చేసిన పనికే డబ్బు పుచ్చుకుంటానని అతను ముందే బృందానికి ఉత్తరం రాశాడు. 30 లక్షల ప్రతులు అమ్ముడైతే తన వాటా 4 లక్షల డాలర్ల దాకా ఉంటుందని లెక్క కట్టి, అంత సొమ్ము తనకు తగదన్నాడు. లక్ష డాలర్లతో సరిపెట్టుకున్నాడు. డ్రమ్స్ చుట్టూ బోలెడన్ని మైకులు నిలబెట్టి, గదిలోని మోతను ఉన్నదున్నట్టు పట్టాడు. గొంతును వాద్యాల మధ్యే ఉంచాడు, పైకి తేలనివ్వలేదు.

గెఫెన్ కంపెనీకి అది నచ్చలేదని అల్బినీ పత్రికలకు చెప్పాడు. న్యూస్‌వీక్ ఆ గొడవను రాస్తే, ఎవరూ తమను ఒత్తిడి చేయలేదని బృందం బిల్‌బోర్డ్‌లో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చింది. కంపెనీ దుష్టపాత్ర, బృందం బాధితపాత్ర అనుకుంటే కథ తేలికే. కానీ గొంతూ బేస్ గిటారూ సరిగా వినబడటం లేదన్న అసంతృప్తి బృందానికే ఉంది. చివరికి బాబ్ లుడ్‌విగ్ మాస్టరింగ్‌లో గొంతును పైకి తెచ్చాడు. ‘హార్ట్-షేప్డ్ బాక్స్’, ‘ఆల్ అపాలజీస్’ పాటలను స్కాట్ లిట్ మళ్ళీ మిక్స్ చేశాడు. తక్కినవాటిలో అల్బినీ మిక్సే నిలిచింది. 1993 సెప్టెంబరులో విడుదలైన ఆ ఆల్బమ్ నేరుగా మొదటి స్థానంలో నిలిచింది.

వాల్‌మార్ట్, కేమార్ట్ మాత్రం అట్ట వెనుక బొమ్మనూ ఒక పాట పేరునూ సాకుగా చూపి దాన్ని అమ్మలేదు. బొమ్మ మార్చి, పేరు మార్చి వాటి కోసం వేరే ప్రతి వేయడానికి కొబేన్ ఒప్పుకున్నాడు. చిన్న ఊళ్ళో పెరిగిన తమకు పాటలు కొనుక్కోవడానికి అలాంటి దుకాణాలే దిక్కుగా ఉండేవన్నది బృందం చెప్పిన కారణం. లొంగుబాటు అని కొందరన్నా, కొబేన్ పెరిగిన అబర్డీన్ లాంటి కలప ఊరి పిల్లవాడి చేతికి ఆల్బమ్ చేరాలనుకోవడం కూడా నిజాయితీలో భాగమే. ఆ ప్రతులు 1994 మార్చిలో వచ్చాయి. ఏప్రిల్ 5న కొబేన్ 27 ఏళ్ళ వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు.

సియాటిల్‌కే చెందిన పెర్ల్ జామ్ మరో దారి పట్టింది. ‘జెరెమీ’ తర్వాత కొన్నేళ్ళ పాటు మ్యూజిక్ వీడియోలు మానేసింది. 1994లో టికెట్లపై అదనపు రుసుములు వేస్తోందని టికెట్‌మాస్టర్‌పై అమెరికా న్యాయశాఖకు ఫిర్యాదు చేసి, ఆ ఏడాది వేసవి పర్యటనను వదులుకుంది. 1995లో న్యాయశాఖ ఏ చర్యా లేకుండా విచారణ ముగించింది. 1998 పర్యటనలో ఆ బృందం టికెట్లు మళ్ళీ టికెట్‌మాస్టర్ ద్వారా అమ్ముడయ్యాయి.