‘ట’ తీసేసిన చోట

మా పాడ్‌కాస్ట్‌కి మొదటి స్పాన్సర్ దొరికినప్పుడు నేనూ, నాతో కలిసి అది చేసే నా మిత్రుడూ ఒక పూట పండగ చేసుకున్నాం. గానుగ నూనె అమ్మే ఒక చిన్న కంపెనీ. ఎపిసోడ్ మధ్యలో ఒక నిమిషం, అదీ నా గొంతుతోనే చెప్పాలి. “యాడ్‌లా ఉండకూడదు సార్, మీరు ఫ్రెండ్‌కి చెప్పినట్టుండాలి” అన్నాడు వాళ్ళ మేనేజరు. అలా అంటూనే ఒక కాగితం పంపాడు. అందులో స్వచ్ఛమైన, సంప్రదాయబద్ధమైన, రసాయనరహితమైన, గుండెకు మేలు చేసే అంటూ విశేషణాలు రైలుపెట్టెల్లా వరసగా ఉన్నాయి. రికార్డు చేసే ముందు ఒకసారి ఇంట్లో పైకి చదివాను. వంటింట్లోంచి అమ్మ అంది: “ఎవర్రా అది, రేడియో పెట్టావా?”

ఆ మాటతోనే నాకు రేడియో చరిత్ర మీద ఆసక్తి పుట్టింది. ఎందుకంటే ఈ సమస్య మాది కాదు, దాదాపు నూరేళ్ళ నాటిది.

1922 ఆగస్టు 28న న్యూయార్క్‌లో డబ్ల్యూ.ఇ.ఎ.ఎఫ్. అనే స్టేషన్ ఒక రియల్ ఎస్టేట్ సంస్థకి సమయం అమ్మింది. జాక్సన్ హైట్స్‌లో కట్టిన అపార్ట్‌మెంట్ల గురించి ఒకాయన పది నిమిషాలు మాట్లాడాడు. డబ్బు తీసుకుని ప్రసారం చేసిన తొలి ప్రకటనల్లో దీన్నే ముందుగా చెబుతారు. ఆ అపార్ట్‌మెంట్లకి హాథార్న్ అనే రచయిత పేరు పెట్టారు కాబట్టి ప్రసంగం ఆయన తలపుతో మొదలై, నగరపు ఇరుకుని వదిలి పచ్చదనంలోకి రమ్మని పిలుస్తూ సాగింది. సభలో చేసే ఉపన్యాసం అది. తర్వాత చాలా ఏళ్ళు రేడియో ప్రకటనలు ఆ ధోరణిలోనే నడిచాయి. చెప్పేవాడు వేదిక మీద నిలబడి ఉంటాడు, వినేవాళ్ళు ఎదురుగా గుంపుగా కూర్చుని ఉంటారు. అలా ఊహించుకుని రాసేవాళ్ళు.

ఆ ఊహని పగలగొట్టినవాడు ఆర్థర్ గాడ్‌ఫ్రీ. 1931లో కారు ప్రమాదంలో బాగా దెబ్బతిని, నెలల తరబడి ఆస్పత్రి మంచం మీద పడుకుని రేడియో వింటూ ఒక సంగతి కనిపెట్టాడు. అనౌన్సర్లందరూ ‘శ్రోతలారా’ అని మాట్లాడుతున్నారు, కానీ తను అక్కడ ఒక్కడే ఉన్నాడు. రేడియో వినేవాడు ఎప్పుడూ ఒక్కడే, మహా అయితే పక్కన ఇంకొకరు. మంచం దిగాక అతను ఒక్కరితోనే మాట్లాడడం మొదలుపెట్టాడు. వాషింగ్టన్‌లో బొచ్చుకోట్లు అమ్మే జ్లాట్నిక్ అనే వ్యాపారి దుకాణం ముందు తెల్ల ఎలుగుబంటి బొమ్మ ఒకటి ఉండేది. ఇచ్చిన కాగితం పక్కన పెట్టి ఆ మురికి ఎలుగుబంటిని ఆటపట్టించేవాడు. జనం ఆ బొమ్మని చూడ్డానికే దుకాణానికి వెళ్ళేవారు. 1945 నుంచి 1972 దాకా సి.బి.ఎస్.లో రోజూ వచ్చిన అతని కార్యక్రమం ఈ పద్ధతి మీదే నిలబడింది. లిప్టన్ వాళ్ళ చికెన్ సూప్‌కి డబ్బు తీసుకుంటూనే, ఆ సూప్‌లో కోడి కోసం వెతుక్కోవాలని మైకులో ఎగతాళి చేసేవాడు. కంపెనీ వాళ్ళు మొదట గుండెలు బాదుకున్నా, అమ్మకాలు చూసి ఊరుకునేవారు.

ఈ ఎగతాళి ఎందుకు పని చేసిందో కొంచెం ఆలోచించాలి. అందరూ హాస్యం అనుకుంటారు. నాకు మాత్రం అందులో సాక్ష్యం కనిపించింది. సూప్‌లో కోడి తక్కువ అన్నవాడు ఆ సూప్ తాగినవాడే అయ్యుండాలి. లోపం చెప్పినవాడు గుణం చెబితే నమ్ముతాం. చికెన్ తక్కువన్న నోటితోనే ‘కానీ వేడివేడిగా బాగుంటుంది’ అంటే, ఆ ‘బాగుంటుంది’ కాగితంలోంచి రాలేదని వినేవాడికి తెలిసిపోతుంది.

తెలుగులో ఈ తేడాకి ఏకంగా ఒక అక్షరమే ఉంది. ‘నూనె బాగుంటుంది’ అంటే నేను తిని చెబుతున్నాను. ‘బాగుంటుందట’ అంటే ఎవరో చెప్పగా చెబుతున్నాను. ఇంగ్లీషువాడు దీనికోసం ఇంకో వాక్యం రాసుకోవాలి, మనకి ‘ట’ ఒక్కటి చాలు. నాకొచ్చిన కాగితం తీసుకుని పెన్సిల్‌తో ప్రతి వాక్యం చివరా ‘ట’ పెట్టుకుంటూ వెళ్ళాను. స్వచ్ఛమైనదట. రసాయనాలు వాడరట. గుండెకు మేలట. మొత్తం ఎనిమిది వాక్యాలుంటే ఎనిమిదింటికీ పడింది. అంటే ఆ నిమిషంలో నా సొంత మాట ఒక్కటీ లేదు. గొంతు ఎంత మెత్తగా పెట్టి చదివినా అమ్మకి రేడియోలా వినపడిందంటే వినపడదా మరి?

మేనేజరుకి ఫోన్ చేసి మూడు వారాలు గడువడిగి, ఒక డబ్బా తెప్పించుకున్నాను. వంట అమ్మది కాబట్టి సాక్షి అమ్మే. మూడో వారం అడిగితే ఇలా చెప్పింది: “పులిహోర పోపుకి దీన్ని మించింది లేదురా, మా అమ్మమ్మగారింటి వాసన. బజ్జీలకి మాత్రం వద్దు, నురగొస్తోంది. పైగా అంత ఖరీదు నూనె మూకుడు నిండా ఎవరు పోస్తారు?” ఇక నేను రాయాల్సిందేమీ మిగల్లేదు. అమ్మ మాటల్లో ఒక్కదానికీ ‘ట’ పట్టదు.

తర్వాత సమస్య, దాన్ని ఎక్కడ పెట్టడం. ఆ వారం మా ఎపిసోడ్ బకింగ్‌హామ్ కాలువ మీద. నిడివి 44 నిమిషాలు కాబట్టి నా మిత్రుడు లెక్క ప్రకారం 22వ నిమిషంలో ప్రకటన ఇరికించాడు. విన్నాక ఇద్దరం బిక్కచచ్చిపోయాం. సరిగ్గా అక్కడ 1876-78 ధాత కరువు గురించి చెబుతున్నాను. తిండిలేని జనం కూలి కోసం మద్రాసులో కాలువ తవ్వుతున్నారు, వెంటనే పులిహోర! గడియారం చూసి పెడితే ఇదే జరుగుతుంది. చూడాల్సింది ఆలోచన ఎక్కడ పూర్తయిందో. 1806లో ఎన్నూరు వైపు తవ్విన తొలి కాలువ కథ 15వ నిమిషంలో ముగుస్తుంది. అక్కడ వినేవాడు ఒక ఊపిరి తీసుకుంటాడు. ప్రకటన ఆ ఊపిరిలో పట్టాలి. కథ బిగిసిన చోట ఆపితే వినేవాడు మళ్ళీ కథ కోసం 30 సెకన్లు ముందుకి నొక్కేస్తాడు, పైగా మనమీద కోపం కూడా తెచ్చుకుంటాడు. ‘పడవల్లో సరుకులు వెళ్ళేవి కదా, సరుకులంటే నూనె గుర్తొచ్చింది’ అని వంతెన కట్టబోతే నా మిత్రుడు చెయ్యి పట్టుకుని ఆపాడు. దొంగదారిన వచ్చే చుట్టాన్ని ఎవరూ ఆదరించరు. తలుపు కొట్టి వస్తే మంచినీళ్ళయినా ఇస్తారు.

చివరికి రాసింది ఇది:

“ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇది ప్రకటన, దీనికి మాకు డబ్బిచ్చారు. మూడు వారాలుగా మా ఇంట్లో పోపులన్నీ వీళ్ళ గానుగ వేరుశెనగ నూనెతోనే. పులిహోర కలుపుతుంటే అమ్మకి వాళ్ళ అమ్మమ్మగారిల్లు గుర్తొచ్చింది, నాకు రెండోసారి వడ్డించుకోవాలనిపించింది. బజ్జీలకి మాత్రం వాడం. నురగొస్తుంది, ఖరీదూ ఎక్కువే. సీసా అడుగున కొంచెం మడ్డి పేరుకుంటుంది, కంగారుపడకండి, కదపకుండా వంచుకోండి. పోపుకీ పచ్చళ్ళకీ ఒక చిన్న సీసా తెప్పించుకుని చూడండి. లింకు కింద ఉంది. సరే, కాలువ దగ్గరికి పోదాం.”

పైకి చదివితే 40 సెకన్లు పట్టింది. మిగతా 20 సెకన్లు నింపలేదు. అడిగింది ఒక్కటే, చిన్న సీసా. ‘తెప్పించుకోండి, ఫాలో అవ్వండి, నలుగురికీ చెప్పండి’ అని మూడు అడిగితే స్నేహితుడు కాస్తా వసూలుదారు అయిపోతాడు. డబ్బు సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేశాం. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా సూటిగా చెప్పమనే అంటాయి. చెబితే ఆత్మీయత పోతుందేమో అని భయపడ్డాను. పోలేదు. దాచిపెట్టి తర్వాత దొరికిపోతే మాత్రం పోయేది.

మేనేజరుకి అంతా నచ్చింది, ఒక్కటి తప్ప. “గుండెకు మంచిదని లేదు సార్. మాకు అదే ముఖ్యం.” కావాలంటే ‘మంచిదని కంపెనీవారు అంటున్నారు’ అని పెడతానన్నాను. “అలా అంటే మీరే నమ్మనట్టుంటుంది” అన్నాడు. నిజమే, నాకు తెలియదు కదా. మూడు వారాల పులిహోర తిని గుండె గురించి సాక్ష్యం ఎలా చెప్పడం?

ఇక్కడే నాకు మళ్ళీ గాడ్‌ఫ్రీ గుర్తొచ్చాడు. తను నమ్మని సరుకు అమ్మనని పేరు తెచ్చుకున్న మనిషి. సూప్ తాగాడు, టీ తాగాడు, చెప్పాడు, ఇబ్బంది లేదు. 1952లో అదే గొంతుతో చెస్టర్‌ఫీల్డ్ సిగరెట్ల ప్రకటన చదివాడు. పొగతాగే ఒక బృందాన్ని నెలల తరబడి ఒక వైద్యుడు పరీక్షించాడనీ, ఆ సిగరెట్ల వల్ల వాళ్ళ ముక్కుకీ గొంతుకీ కీడేమీ జరగలేదనీ దాని సారాంశం. ఆ సిగరెట్ రుచి అతనికి తెలుసు. ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోందో తెలియదు. అది పూర్తిగా ‘ట’ వాక్యం. కానీ అప్పటికి ఇరవయ్యేళ్ళుగా జనం అతని గొంతులో ‘ట’ వినడం మానేశారు. మురికి ఎలుగుబంటి దగ్గరా, కోడిలేని సూప్ దగ్గరా సంపాదించిన నమ్మకాన్నంతా తీసుకెళ్ళి, తను చూడని చోట ఖర్చుపెట్టాడు. 1959లో గాడ్‌ఫ్రీకి ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేశారు. అతను బతికాడు, 1983 దాకా. అతని మాట విని వెలిగించినవాళ్ళ సంగతి ఎవరు రాశారు?

కాగితం చూసి చదివే అనౌన్సరు అదే వాక్యం చదివుంటే వినేవాడు కాగితం మాటగానే తీసుకునేవాడు. సొంత మాటలా చెప్పడంలో ఉన్న ప్రమాదం అదే. ఎంత బాగా రాస్తే అంత ప్రమాదం. ప్రకటన ప్రకటనలా వినిపించినంత కాలం శ్రోత చేతిలో గొడుగు ఉంటుంది. మనం ఆ గొడుగు మూయించాక ఏం కురిపిస్తామన్నది మన బాధ్యత.

ఇదంతా మేనేజరుకి చెప్పలేదు. “నేను తిన్నది చెబుతాను సార్, తిననిది చెప్పలేను” అన్నాను. ఆరు ఎపిసోడ్లు అనుకున్న ఒప్పందం మూడుకి తగ్గింది. మా మైకు బాకీ ఇంకా ఉంది కాబట్టి నా మిత్రుడు రెండ్రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. ఎపిసోడ్ విడుదలయ్యాక అమ్మ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నది. పులిహోర దగ్గర నవ్వింది. అయ్యాక, “బజ్జీల మాట ఉంచావే, వాళ్ళేం అనలేదా?” అంది.

“అన్నారు. అయినా ఉంచాను.”

“మంచిపని చేశావు. లేకపోతే రేపు ఎవరో మూకుడు నిండా పోసుకుని నన్ను తిట్టుకుందురు” అంది.