ఇన్వాయిస్‌కూ వసూలుకూ నడుమ రూపాయి కదలిక: ఎగుమతిదారు పుస్తకాలలో లాభనష్టాల లెక్క

నోయిడా, ఓఖ్లా, గురుగ్రామ్‌లోని ఉద్యోగ్ విహార్ ప్రాంతాల నుంచి దుస్తులు విదేశాలకు ఎగుమతి చేసే సంస్థలు చాలావరకు ఇన్వాయిస్‌ను డాలర్లలో రాస్తాయి. కూలీ, కరెంటు, అద్దె మాత్రం రూపాయలలోనే చెల్లిస్తాయి. సరుకు పంపిన రెండు మూడు నెలలకు గాని డబ్బు చేతికి రాదు. ఈలోగా కొనుగోలుదారు ఇవ్వవలసిన డాలర్ల సంఖ్య మారదు; ఆ డాలర్లకు వచ్చే రూపాయలు మారతాయి. ఈ తేడానే లెక్కల పుస్తకాలలో మారకపు లాభం లేదా మారకపు నష్టం అని వ్యవహరిస్తారు.

రూపాయి ఎప్పుడూ క్షీణిస్తూనే ఉంటుందనీ, కనుక ఎగుమతిదారుకు ఆలస్యమైన కొద్దీ లాభమేననీ సామాన్యంగా ఒక అభిప్రాయం ఉంది. 2013 మే నెలలో 55 రూపాయల ప్రాంతంలో ఉన్న డాలర్ ఆగస్టు 28న 68 రూపాయలు దాటినప్పుడు ఆ అభిప్రాయం మరింత బలపడింది. అయితే 2007లో జరిగింది అందుకు పూర్తిగా భిన్నం. ఆ ఏడాది ఆరంభంలో 44 రూపాయలు పలికిన డాలర్ సంవత్సరాంతానికి 40 రూపాయల కంటే దిగువకు వచ్చింది. పాత రేటును నమ్ముకుని ధరలు ఒప్పుకున్న దుస్తుల ఎగుమతిదారులు చాలా ఇబ్బంది పడ్డారు.

ఈ లెక్క ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణలో చూడవచ్చు. సంస్థ కల్పితమే గాని, రేట్లు 2025లో రూపాయి నిజంగా నడిచిన దారికి దగ్గరగా తీసుకున్న గుండ్రని అంకెలు. నోయిడాలోని ఒక సంస్థ 2025 ఫిబ్రవరి 10న 50,000 డాలర్ల సరుకు పంపి, అదే రోజు ఇన్వాయిస్ ఇచ్చింది. ఆ నాటి రేటు 87 రూపాయల 50 పైసలు. కనుక పుస్తకాలలో అమ్మకం 43,75,000 రూపాయలుగానూ, కొనుగోలుదారు నుంచి రావలసిన బాకీ కూడా అంతే మొత్తంగానూ నమోదయింది.

మార్చి 31న ఆర్థిక సంవత్సరం ముగిసింది. డబ్బు ఇంకా రాలేదు. లెక్కల ప్రమాణం ఎ.ఎస్. 11 ప్రకారం, విదేశీ ద్రవ్యంలో వసూలు కావలసిన బాకీని ఆ రోజు రేటుతో మళ్లీ విలువ కట్టాలి. ఆ సంవత్సరం మార్చి 31 రంజాన్ సెలవు కావడంతో, అంతకు ముందు చివరిసారి ప్రకటించిన రేటునే తీసుకోవలసి వచ్చింది. అది 85 రూపాయల 50 పైసలు అనుకుంటే బాకీ విలువ 42,75,000 రూపాయలకు తగ్గింది. ఆ లక్ష రూపాయల నష్టం, ఒక్క పైసా చేతులు మారకపోయినా, 2024-25 లాభనష్టాల ఖాతాలోకి వెళ్లింది.

మే 5న డబ్బు వచ్చింది. రేటు 84 రూపాయల 50 పైసలు. అంటే 42,25,000 రూపాయలు. ఇక్కడే చాలామంది గుమాస్తాలు తడబడతారు. ఫిబ్రవరి రేటుతో పోల్చి లక్షన్నర నష్టం రాస్తే, అందులో లక్ష రూపాయలు పోయిన సంవత్సరం పద్దులో ఇదివరకే ఉన్నాయి. కొత్త సంవత్సరంలో రాయవలసింది మార్చి 31 విలువకూ, వసూలయిన మొత్తానికీ మధ్య తేడా అయిన 50,000 రూపాయలు మాత్రమే. రెండు సంవత్సరాల నష్టాన్ని కలిపితే లక్షన్నర రావాలి. అంతకు మించితే ఒకే నష్టాన్ని రెండుసార్లు రాశారన్నమాట.

ఈ మార్పులన్నింటిలోనూ అమ్మకం పద్దు 43,75,000 దగ్గరే నిలిచి ఉంటుంది. తక్కువ వచ్చిందని అమ్మకాన్ని తగ్గించి రాయడం తప్పు. సరుకు అమ్మడం ఒక వ్యవహారం, బాకీని విదేశీ ద్రవ్యంలో ఉంచుకోవడం మరొకటి. ఇలా వేరుగా రాస్తేనే వ్యాపారం ఎక్కడ దెబ్బతిన్నదో యజమానికి కనబడుతుంది. వంద రూపాయల అమ్మకానికి అయిదు రూపాయలు మిగిలే సంస్థ అయితే ఈ సరుకు మీద ఆశించిన లాభం సుమారు 2,19,000 రూపాయలు. అందులో మూడింట రెండు వంతులు రేటు కదలికకే పోయాయి.

బ్యాంకులో పడిన మొత్తం ఇంకా తక్కువగా ఉండవచ్చు. దారిలో ఉన్న విదేశీ బ్యాంకు 25 డాలర్లు రుసుముగా మినహాయించుకుంటే అది బ్యాంకు ఖర్చు, మారకపు నష్టం కాదు. బ్యాంకు ఇచ్చే వసూలు పత్రంలో ఎన్ని డాలర్లు వచ్చాయి, ఏ రేటుకు మార్చారు అన్న రెండు అంకెలూ ఉంటాయి. డాలర్లు తగ్గితే రుసుము, రేటు తగ్గితే మారకం అని వాటిని బట్టి విడదీయవచ్చు. అలాగే షిప్పింగ్ బిల్లులో కస్టమ్స్ శాఖ తన ప్రకటిత రేటుతో కట్టిన విలువ పుస్తకాలలోని విలువతో సరిగ్గా కలవదు. అది పొరపాటు కాదు. రెండూ వేర్వేరు అవసరాలకు వాడే వేర్వేరు రేట్లు.

మార్చి 31న కాగితం మీద మాత్రమే కనిపించిన ఆ లక్ష రూపాయలను ఆదాయపు పన్ను లెక్కలో నష్టంగా చూపవచ్చునా అన్న ప్రశ్న ఢిల్లీ ప్రాంతం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వుడ్‌వర్డ్ గవర్నర్ ఇండియా అనే సంస్థ 1998-99 అసెస్‌మెంట్ సంవత్సరానికి 29 లక్షల 49 వేల రూపాయల మారకపు నష్టాన్ని ఖర్చుగా చూపింది. అక్కడ ఉన్నది రావలసిన బాకీ కాదు, చెల్లించవలసిన బాకీ. కాని సూత్రం ఒకటే. చెల్లింపు జరగలేదు గనుక అది ఊహాజనితమైన నష్టమని ఆదాయపు పన్ను శాఖ వాదించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. వ్యాపార ఖాతాకు చెందిన బాకీని సంవత్సరాంతపు రేటుతో విలువ కట్టగా తేలిన నష్టం అనుమతించదగిన ఖర్చేనని తీర్పు చెప్పింది. అయితే నష్టం వచ్చినప్పుడు ఒక పద్ధతి, లాభం వచ్చినప్పుడు మరో పద్ధతి పనికిరాదు. ఏటా ఒకే పద్ధతి పాటించి ఉండాలి.

తరువాత 2018 ఫైనాన్స్ చట్టం ద్వారా 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43AA సెక్షన్‌ను చేర్చి, మారకపు తేడాలను లాభంగానో నష్టంగానో లెక్కించాలని పార్లమెంటు స్పష్టం చేసింది. దీనికి రెండో వైపు కూడా ఉంది. పై ఉదాహరణలో మార్చి 31న డాలర్ 89 రూపాయలై ఉంటే, సంస్థకు 75,000 రూపాయల లాభం తేలి, ఇంకా చేతికి రాని డబ్బు మీద పన్ను కట్టవలసి వచ్చేది. మే నెలలో రేటు పడిపోతే ఆ నష్టం మరుసటి సంవత్సరంలో గాని లెక్కకు రాదు.

ఈ అనిశ్చితి వద్దనుకున్న ఎగుమతిదారు ఇన్వాయిస్ రోజునే బ్యాంకుతో ఫార్వర్డ్ ఒప్పందం చేసుకోవచ్చు. మూడు నెలల తరువాత 50,000 డాలర్లను 87 రూపాయల 90 పైసలకు అమ్ముతానని ఫిబ్రవరి 10న ఒప్పుకుని ఉంటే, మే నెలలో బజారు రేటు ఎంతైనా 43,95,000 రూపాయలు వచ్చేవి. డాలర్ 90 రూపాయలకు చేరి ఉంటే ఆ అదనపు లాభం మాత్రం దక్కేది కాదు. ఒప్పందం తేదీకి కొనుగోలుదారు డబ్బు పంపకపోతే చిక్కు మరో రూపంలో వస్తుంది. ఇవ్వడానికి డాలర్లు లేనందున ఒప్పందాన్ని ఆ రోజు రేటుకు రద్దు చేసుకోవాలి, లేదా రుసుము చెల్లించి గడువు పొడిగించుకోవాలి. కనుక అనుభవజ్ఞులైన ఎగుమతిదారులు మొత్తం ఇన్వాయిస్‌కు కాక, ఆ కొనుగోలుదారు గతంలో వేళకు చెల్లించిన తీరును బట్టి కొంత భాగానికే ఒప్పందం చేసుకుంటారు.