లాటు పేరు లేని ఉత్తరం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంటుకు విదేశీ కొనుగోలుదారు నుంచి ఆడిట్ ఉత్తరం వస్తే అందులో మూడు సంగతులు ఉంటాయి: ఏ రోజు ఏం చూస్తారు, ఏ కాగితాలు సిద్ధంగా ఉంచాలి, పరిశీలనకు లాట్లను ఏ పద్ధతిలో ఎంచుతారు. మొదటి రెండూ ఎంత వివరంగా రాస్తే అంత మంచిది. మూడోదానిలో మాత్రం పద్ధతిని పూర్తిగా చెప్పి, ఎంపికను ఆడిట్ రోజు దాకా చెప్పకుండా ఉంచాలని నా వాదన. ఈ తేడా ఎందుకు ముఖ్యమో తెలియాలంటే గోదావరి డెల్టా రొయ్య మీద తనిఖీ అరవై ఏళ్లలో ఎలా వెనక్కి నడిచిందో చూడాలి.

1963 నాటి ఎగుమతుల నాణ్యత నియంత్రణ, తనిఖీ చట్టం ప్రకారం మొదట్లో ప్రధానంగా తయారైన సరుకునే చూసేవారు. ఓడ ఎక్కబోయే పెట్టెల్లో కొన్ని విప్పి తూకం, కౌంటు, వాసన, సూక్ష్మజీవులు పరీక్షించేవారు. గుట్ట కళ్లెదుటే ఉంది కాబట్టి నమూనా ఎంపిక పెద్ద సమస్య కాదు. పెట్టె బాగుందని తేలితే చాలు, అది ఎలా బాగుందో అడిగే అవసరం రాలేదు. 1997 దీన్ని మార్చింది. ఆ ఆగస్టులో యూరోపియన్ యూనియన్ భారత చేపలు, రొయ్యల దిగుమతిని పరిశుభ్రత లోపాల కారణంగా ఆపేసింది. డిసెంబరులో అమెరికాలో హెచ్ఏసీసీపీ నియమాలు అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి ప్రశ్న పెట్టె నుంచి ప్లాంటులోకి జరిగింది: ప్రమాదం ఎక్కడ పుడుతుంది, అక్కడ ఏ కొలత తీస్తున్నారు, ఆ కొలత తప్పినప్పుడు ఏం చేశారు? దానితో ఆడిట్ చేసేవారు సరుకుతో సమానంగా రిజిస్టరునూ చదవాల్సి వచ్చింది. చల్లదనం చార్టులు, ఐసు నీటి పరీక్షలు, తప్పు దిద్దిన నమోదులు సిద్ధంగా ఉంచమనే జాబితా ఈ దశలో పెరిగింది.

మూడో అడుగు చెరువు దాకా వెళ్లింది. 2002 ప్రాంతంలో ఆసియా రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు బయటపడ్డాయి. కిలోలో మైక్రోగ్రాముల లెక్కన వెతికే ఈ మందులు ప్లాంటులో కడిగితే పోవు, గడ్డకట్టిస్తే చావవు. అవి పడేది చెరువులోనో, హేచరీలోనో, మేతలోనో. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక చెరువులు మరింత విస్తరించాయి. 2016లో యూరప్ మన సాగు రొయ్యల సరుకుల్లో పరీక్షించాల్సిన వాటా 50 శాతానికి పెంచింది. పట్టుబడికి ముందు పరీక్ష పత్రం, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నమోదు, ఏజెంటు కొనుగోలు చీటీ అన్నవి ఆడిట్ జాబితాలో చేరడానికి కారణం ఈ మందుల అవశేషాలే. ప్లాంటుకు ఎదురైన అసలు చిక్కూ ఇక్కడే ఉంది. ప్లాంటు గోడల లోపల ఎంత శుభ్రంగా ఉన్నా, దాని సరుకు అనేక కౌలు చెరువుల నుంచి ఏజెంట్ల లారీల్లో వస్తుంది.

ఆ దారిలో జరిగే మామూలు తప్పు కల్తీ కాదు, కలపడం. ఒకే కౌంటు ఉన్న రెండు మూడు చెరువుల పట్టుబడిని ఒక లారీలో నింపి, వాటిలో ఒకదానికున్న పరీక్ష పత్రాన్నే మొత్తం లాటుకు జత చేస్తారు. ప్రతి కాగితమూ విడిగా చూస్తే నిజమే. అబద్ధం వాటి మధ్య ఉంటుంది. ఒక ఊహా లెక్క చూద్దాం. రెండెకరాల చెరువు, హేచరీ బిల్లులో రెండు లక్షల సీడు. యాభై కౌంటులో, అంటే కిలోకు యాభై రొయ్యల చొప్పున, పట్టారు. ఒక్క పిల్ల కూడా చావకపోయినా వచ్చేది 4,000 కిలోలు. ప్లాంటు రిజిస్టరులో ఆ చెరువు పేరిట 6,200 కిలోలు ఉన్నాయనుకోండి. వెంటనే దొంగతనం అనకూడదు. హేచరీలు బిల్లుకు మించి బోనసు పిల్లలు ఇవ్వడం ఇక్కడ అలవాటే. పావు వంతు అదనంగా ఇచ్చారని ఒప్పుకున్నా 5,000 దాటదు. మిగిలిన 1,200 కిలోలు ఇంకో చెరువువి, వాటికి పరీక్ష పత్రం లేదు. ఈ లెక్కకు కావలసింది సీడు బిల్లు, కౌంటు, తూకం చీటీ. అందుకే ఉత్తరంలో సీడు బిల్లు అడగాలి, దాన్ని చాలామంది అడగరు.

ఇప్పుడు ఎంపిక పద్ధతి. గత ఆరు నెలల్లో ప్లాంటు 240 లాట్లు పంపిందనుకుందాం. వర్గమూలం తీసి పైకి సవరిస్తే 16. పంపకాల రిజిస్టరును తేదీ వరుసలో పెట్టి, 1 నుంచి 15 లోపు ఒక అంకెను చీటీ వేసి తీసి, అక్కడి నుంచి ప్రతి పదిహేనో లాటు తీసుకోవాలి. ఉత్తరంలో ఇంత వరకూ రాయవచ్చు. చీటీ మాత్రం మొదటి రోజు ఉదయం, ఇరువైపుల వారి ముందు తీయాలి. దీనికి తోడు అనుమానంతో ఎంచే నాలుగైదు లాట్లు వేరుగా ఉండాలి: వెనక్కి వచ్చినవి, పట్టుబడులు ముమ్మరంగా ఉన్న వారంలోవి, కొత్త ఏజెంటు తెచ్చినవి. ఈ రెండు రకాలనూ ఒకే లెక్కలో కలపకూడదు. మొదటివి సగటు స్థితి చెబుతాయి, రెండోవి జబ్బు ఎక్కడో చెబుతాయి.

వర్గమూలం మీద భక్తి అవసరం లేదు. 240 లాట్లలో 12 తప్పుడువి ఉంటే, 16 చూసినా ఒక్కటీ చిక్కకపోయే అవకాశం నూటికి 43. కనీసం ఒకటైనా దొరుకుతుందని నూటికి 95 పాళ్ల భరోసా కావాలంటే 52 చూడాలి. రెండు రోజుల్లో అది సాధ్యం కాదు. కాబట్టి ‘లోపం కనబడలేదు’ అని నివేదికలో రాసేవారు పక్కనే ‘16 లాట్లలో’ అని కూడా రాయాలి. అనుమానపు ఎంపిక ఈ లోటును కొంత పూడుస్తుంది, అంతే.

ముందే చెప్పి వస్తే అంతా సర్దేసుకుంటారు, చెప్పకుండా రావాలి అనేవారున్నారు. నేల కడగడం, కొత్త టోపీలు పెట్టుకోవడం విషయంలో వారి మాట నిజం. కానీ ఆరు నెలల్లో పంపిన 240 లాట్లకు సీడు బిల్లు, తూకం చీటీ, ల్యాబు నంబరు, రైతుకు వెళ్లిన బ్యాంకు చెల్లింపు ఒకదానితో ఒకటి సరిపోయేలా రెండు వారాల్లో అల్లడం తేలిక కాదు, ఎందుకంటే ఆ కాగితాల్లో సగం ప్లాంటు చేతిలో పుట్టవు. ఏ 16 అడుగుతారో తెలిస్తే మాత్రం అల్లగలరు. పైగా చెప్పకుండా వచ్చిన రోజు పట్టుబడులు లేక ప్లాంటు ఖాళీగా ఉండొచ్చు, అప్పుడు చూడడానికి బల్లలే మిగులుతాయి. ఒక్క విషయంలో ఆక్షేపణ నెగ్గుతుంది. 2024 మార్చిలో మన రొయ్యల పరిశ్రమలో కార్మికుల వసతి, వేతనాల మీద అమెరికాలో నివేదికలు వెలువడ్డాయి. పడక గదులు, పని గంటలు కాగితాల లంకెతో పట్టుబడేవి కావు. వాటికి మాత్రం, ఫలానా మూడు నెలల్లో ఏ రోజైనా రావచ్చు అన్న షరతును అదే ఉత్తరంలో రాసి ఒప్పించుకోవాలి.

కాబట్టి కార్యక్రమం ఇలా ఉండాలి. తేదీ పట్టుబడుల కాలంలో వేయాలి. ప్లాంటు పటం, ప్రమాద నియంత్రణ ప్రణాళిక, లాటు నంబర్ల జాబితా పది రోజుల ముందు పంపమనాలి. మిగతా కాగితాల అసలు ప్రతులు అన్ని లాట్లకూ ప్లాంటులోనే ఉండాలి. మొదటి ఉదయం పలకరింపులు అరగంట మించనివ్వక చీటీ తీసి, కాగితాలు వెతికేలోగా సరుకు దిగే చోటికి వెళ్లాలి. లారీ ఎప్పుడొస్తుందో రైతు, వల, చీకటి నిర్ణయిస్తాయి, కాబట్టి ఆ గంటను కార్యక్రమంలో వదులుగా ఉంచాలి. మధ్యాహ్నం 16 లాట్లనూ పెట్టె నుంచి చెరువు దాకా వెనక్కి నడిపించాలి. రెండో రోజు వాటిలో రెండు చెరువులకు వెళ్లి సీడు, మేత లెక్కలు రైతు దగ్గర చూడాలి. తిరిగొచ్చి, అక్కడ దొరికిన ఒక పట్టుబడి తేదీతో ఈసారి ముందుకు, పెట్టె దాకా నడవాలి. అలా నడిస్తేనే రిజిస్టరులోకి ఎక్కకుండా పోయిన సరుకు బయటపడుతుంది. చిన్న రైతు దగ్గర కాగితాలుండవంటారు. ఉండకపోవచ్చు. కానీ సీడు అరువుకు ఇచ్చిన వాడి దగ్గర, మేత డీలరు ఖాతాలో ఆ లెక్క ఉంటుంది. ఆ పేర్లు అడుగుతామని ఉత్తరంలోనే ఒక వాక్యం పెడితే ఏజెంటు ముందే వారితో మాట్లాడి ఉంచుతాడు, రెండో రోజు మధ్యాహ్నం చెరువు గట్టు మీద ఫోన్లు చేసుకుంటూ గడిపే పని తప్పుతుంది.