పన్ను పోగా మిగిలే వడ్డీ: ముప్పై శాతం శ్లాబులో డిపాజిట్లు, పన్ను రహిత బాండ్లు

బ్యాంకు బోర్డు మీద రాసే వడ్డీ రేటు అందరికీ ఒకటే. చేతికి అందే రేటు మాత్రం ఎవరి శ్లాబును బట్టి వారిది. ముప్పై శాతం శ్లాబులో ఉన్నవారికి ఈ రెంటి మధ్య దూరం ఎంత, ఆ దూరాన్ని తప్పించుకోవడానికి పన్ను రహిత బాండ్లు ఎంతవరకు పనికొస్తాయి అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. ఈ శ్లాబు వారికి పన్ను రహిత బాండు సాధారణంగా డిపాజిట్ కంటే మేలే. కానీ ఆ మేలును బాండు మీద ముద్రించిన కూపన్ రేటుతో కొలవకూడదు. గడువు దాకా ఆగలేనివారికి ఆ మేలు దక్కదు కూడా. ఇక్కడి లెక్కలన్నీ భారతదేశంలో నివసించే వ్యక్తికి, 2025-26 ఆర్థిక సంవత్సరానికి, కొత్త పన్ను విధానానికి సంబంధించినవి. సెక్షన్ల సంఖ్యలు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చే 2025 చట్టంలో ఈ సంఖ్యలు మారాయి.

మొదట డిపాజిట్ సంగతి. దాని మీద వచ్చే వడ్డీని చట్టం ‘ఇతర ఆదాయం’ కింద చూస్తుంది. జీతానికి కలిపి శ్లాబు రేటున పన్ను వేస్తుంది. కొత్త విధానంలో 24 లక్షలు దాటిన ఆదాయంపై రేటు 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 31.2 శాతం. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, జీతంతోనే ఆ గీత దాటేసిన ఒకరిని ఊహించుకుందాం. ఆమె పది లక్షలు 6.6 శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 66,000 రూపాయల వడ్డీ వస్తుంది. బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటింది కాబట్టి బ్యాంకు పది శాతం, అంటే 6,600 టీడీఎస్ కోస్తుంది. చాలామంది అక్కడితో పన్ను తీరిపోయిందనుకుంటారు. అసలు పన్ను 20,592. మిగతా 13,992 ఆమే కట్టాలి. బాకీ పదివేలు దాటినందువల్ల అది ముందస్తు పన్ను పరిధిలోకి వస్తుంది. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి వాయిదాల్లో కట్టకపోతే నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ పడుతుంది. డిపాజిట్ వివరాన్ని యాజమాన్యానికి ముందే తెలిపి, ఆ మేరకు జీతంలోనే కోత పెట్టించుకోవడం ఉద్యోగులకు సులువైన దారి. ఏ దారిన కట్టినా ఆమెకు మిగిలేది 45,408 రూపాయలు, అంటే 4.54 శాతం.

గడువు తీరాక ఒకేసారి డబ్బు ఇచ్చే క్యుములేటివ్ డిపాజిట్‌లో మరో చిక్కుంది. డబ్బు చేతికి రాకపోయినా బ్యాంకు ఏటేటా వడ్డీని లెక్కగట్టి టీడీఎస్ కోస్తుంది. ఆ వడ్డీ ఆ ఏడాది ఫారం 26ఏఎస్‌లోనూ, ఏఐఎస్‌లోనూ కనిపిస్తుంది. ఐదేళ్ల తర్వాత చూపిస్తే చాలని రిటర్నులో వదిలేస్తే, శాఖ దగ్గరున్న అంకెకూ రిటర్నులోని అంకెకూ పొంతన కుదరక నోటీసు వస్తుంది. చేతికొచ్చిన ఏడాదే వడ్డీని చూపించే పద్ధతిని చట్టం నిషేధించలేదు. అయితే దాన్ని ఏటా ఒకే రకంగా పాటించాలి, కోసిన టీడీఎస్‌ను కూడా ఆ ఏడాదికే మోసుకెళ్లాలి. పైగా ఐదేళ్ల వడ్డీ ఒక్క ఏడాదిలో వచ్చి పడితే, మొత్తం ఆదాయం 50 లక్షలు దాటి పది శాతం సర్‌ఛార్జి తగిలే ప్రమాదముంది. అప్పుడు రేటు 34.32 శాతానికి చేరుతుంది. అధిక శ్లాబు వారు ఏటా చూపించుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

మామూలు బాండ్ల వడ్డీకీ ఇదే గతి. ప్రభుత్వ సెక్యూరిటీలైనా, కంపెనీ డిబెంచర్లయినా వడ్డీకి శ్లాబు రేటే. స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయి డీమ్యాట్‌లో ఉన్న బాండ్లకు ఒకప్పుడు ఉన్న టీడీఎస్ మినహాయింపు కూడా 2023 ఏప్రిల్‌తో పోయింది. అమెరికాలో మున్సిపల్ బాండ్ల వడ్డీకి సాధారణంగా ఫెడరల్ పన్ను ఉండదు. ఇక్కడా అంతేనని అనుకునేవారున్నారు, అది నిజం కాదు. 2018 ఫిబ్రవరిలో జీహెచ్ఎంసీ 8.9 శాతానికి జారీ చేసిన 200 కోట్ల బాండ్లయినా, అదే ఏడాది ఆగస్టులో ఏపీసీఆర్డీఏ 10.32 శాతానికి 2,000 కోట్లు సేకరించిన అమరావతి బాండ్లయినా వడ్డీ పూర్తిగా పన్ను పరిధిలోనిదే. రెండంకెల కూపన్ చూసి అప్పట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. 31.2 శాతం పన్ను తీసేసి చూస్తే ఆ 10.32 శాతం సరిగ్గా 7.1 శాతం అవుతుంది. ఈ రోజు పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతాకు వచ్చే రేటు కూడా అదే, అక్కడ పన్నూ లేదు.

పేర్లు కలగలిసి తెచ్చే పొరపాటు ఇంకొకటుంది. భూమి అమ్మిన లాభం మీద పన్ను తప్పించుకోవడానికి కొనే 54ఈసీ బాండ్లను మన ఊళ్లలో పన్ను లేని బాండ్లనే పిలుస్తారు. వాటిలో పన్ను మినహాయింపు అమ్మిన లాభానికే గానీ వడ్డీకి కాదు. 5.25 శాతం వడ్డీలో పన్ను పోగా ఈ శ్లాబు వారికి మిగిలేది 3.61 శాతం. ఆర్ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్ఎఫ్‌సీ వంటి సంస్థలు ఈ బాండ్లనూ, అసలైన పన్ను రహిత బాండ్లనూ జారీ చేయడంతో గందరగోళం పెరిగింది.

అసలైన పన్ను రహిత బాండ్లు సెక్షన్ 10(15) కింద వడ్డీకి మినహాయింపు పొందినవి. 2011-12 నుంచి 2015-16 మధ్య ఎన్‌హెచ్ఏఐ, హడ్కో, నాబార్డ్, ఎన్‌టీపీసీ, పైన చెప్పిన మూడు సంస్థలు, ఇంకా కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు పది, పదిహేను, ఇరవై ఏళ్ల గడువులతో వీటిని ప్రజలకు అమ్మాయి. 2016 తర్వాత కొత్త ఇష్యూలు రాలేదు. ఇప్పుడు కావాలంటే ఎక్స్ఛేంజీలో ఇంకొకరి దగ్గర కొనుక్కోవాలి. వడ్డీ రేట్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో పుట్టిన బాండ్లు గనుక వాటి ధర ముఖవిలువను మించి ఉంటుంది. లెక్క తప్పేది ఇక్కడే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు ఊహించినవే గానీ ఈ మార్కెట్ తీరుకు దగ్గరగా ఉన్నవి. ముఖవిలువ 1,000, కూపన్ 8.5 శాతం, గడువు సరిగ్గా నాలుగేళ్లు, ఈ ఏడాది వడ్డీ చెల్లింపు ఇప్పుడే అయిపోయింది, ధర 1,100. మన ఉద్యోగిని 900 బాండ్లు కొంటే 9.9 లక్షలు పెట్టినట్టు. ఏటా 76,500 రూపాయలు పన్ను లేకుండా వస్తాయి. పెట్టిన డబ్బు మీద చూస్తే ఇది 7.7 శాతం పైమాటే, చూడడానికి అద్భుతంగా ఉంటుంది. కానీ గడువు తీరాక తిరిగొచ్చేది తొమ్మిది లక్షలే. బాండుకు వంద చొప్పున పోయే ఆ 90,000 నష్టాన్ని నాలుగేళ్లకు సర్ది, వైటీఎం అనే గడువు వరకు రాబడిని కడితే అది 5.64 శాతం. డిపాజిట్ ఇచ్చిన 4.54తో పోల్చాల్సిన అంకె ఇదే. 8.5 కాదు, 7.7 కూడా కాదు. తేడా ఏడాదికి 1.1 శాతం. మరోలా చెప్పాలంటే, ఈ బాండుకు సాటి రావాలంటే బ్యాంకు ఆమెకు 8.2 శాతం వడ్డీ ఇవ్వాలి.

ఆ 90,000 నష్టం పూర్తిగా వృథా పోదు. బాండు వడ్డీకే మినహాయింపు, మూలధన లాభనష్టాలు చట్టం పరిధిలోనే ఉంటాయి. లిస్టయిన బాండును ఏడాదికి మించి ఉంచుకుంటే నష్టం దీర్ఘకాలికం. ఆమెకు పన్ను కట్టాల్సిన షేర్ల, భూమి దీర్ఘకాలిక లాభాలుంటే వాటిలోంచి దీన్ని మినహాయించుకోవచ్చు. ఆ లాభాలపై రేటు సెస్సుతో 13 శాతం గనుక 11,700 రూపాయలు ఆదా అవుతాయి, రాబడి 5.9 శాతం దగ్గరికి చేరుతుంది. సర్దుకోవడానికి లాభాలేమీ లేకపోతే నష్టాన్ని ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లవచ్చు, రిటర్ను గడువులోపు వేసి ఉండాలి. అయితే వడ్డీకి రికార్డు తేదీకి ముందు మూడు నెలల్లో కొని, ఆ తేదీ తర్వాత మూడు నెలల్లో అమ్మేస్తే, పుచ్చుకున్న పన్ను రహిత వడ్డీ మేరకు నష్టాన్ని సెక్షన్ 94(7) గుర్తించదు.

కొనేటప్పుడు జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. ఎక్స్ఛేంజీ తెర మీద కనిపించే ధరలో అప్పటిదాకా పేరుకున్న వడ్డీ కూడా కలిసే ఉంటుంది. రికార్డు తేదీ దగ్గరపడే కొద్దీ ధర పెరిగి, దాటగానే కూపన్ మేరకు తగ్గుతుంది. తేదీ చూడకుండా ధరతో రాబడి కడితే తప్పుడు అంకె వస్తుంది. రెండోది, చిన్న మదుపరులకు కొంత ఎక్కువ కూపన్ ఇచ్చిన సిరీస్‌లలో, బాండు చేతులు మారితే ఆ అదనం తగ్గే షరతు కొన్నింటికి ఉంది. కొందరికి పది లక్షల పరిమితితో అదనం కొనసాగుతుంది, కొన్ని తొలి ఇష్యూల్లో కొన్నవారెవరికైనా పోతుంది. ఆ సిరీస్ ఆఫర్ పత్రం చదవకుండా కొనడం సాహసమే.

అమ్మేటప్పుడు కష్టం ఇంకా ఎక్కువ. కొన్ని సిరీస్‌లలో రోజంతా పది బాండ్లు కూడా చేతులు మారవు. అమ్మేవారు 1,100 అడుగుతుంటే కొనేవారు 1,080 దగ్గరే ఆగారనుకోండి. ఈ రోజు కొని త్వరలోనే అమ్మాల్సి వస్తే బాండుకు ఇరవై రూపాయలు పోయినట్టే. డిపాజిట్ మీద ఉన్న ఆధిక్యం ఏడాదికి పన్నెండు రూపాయలే కనుక ఆ గండి పూడడానికి ఏడాదిన్నర దాటుతుంది. డిపాజిట్‌ను మధ్యలో తీస్తే ఒక శాతం అటూ ఇటూ జరిమానాతో అసలు చేతికొస్తుంది. పిల్లల ఫీజుకో, ఇంట్లో ఆపరేషన్‌కో దాచిన డబ్బును ఈ బాండ్లలో పెట్టకూడదని నేననేది ఇందుకే.

శ్లాబు మారితే తీర్పూ మారుతుంది. 20 శాతం శ్లాబు వారికి ఈ బాండుకు సాటి డిపాజిట్ రేటు 7.12 శాతం, అది అందుబాటుకు దగ్గరే. ఐదు శాతం శ్లాబులో రిబేటు వల్ల పన్నే పడదు, కాబట్టి అక్కడ డిపాజిటే నయం. సర్‌ఛార్జితో 34.32 శాతం కట్టేవారికి 8.59. పన్ను రహిత వడ్డీ మొత్తం ఆదాయంలోనే చేరదు కాబట్టి 50 లక్షల గీత దగ్గర ఉన్నవారికి అది అదనపు లాభం.

బాండ్ల జోలికి వెళ్లేముందు పీపీఎఫ్ పరిమితి నిండిందా అని చూసుకోవాలి. కొత్త విధానంలో దాని మీద 80సీ తగ్గింపు లేకపోయినా వడ్డీకి మినహాయింపు అలాగే ఉంది. ఏడాదికి లక్షన్నర దాటనివ్వరన్నదే దానికున్న హద్దు. స్వచ్ఛంద పీఎఫ్‌తో కలిపి ఉద్యోగి వాటా ఏడాదికి రెండున్నర లక్షలు దాటితే, ఆ పైమొత్తం మీద వడ్డీకి 2021 ఏప్రిల్ నుంచి పన్ను ఉంది. అమెరికాలో ఉంటూ ఊళ్లో ఎన్ఆర్ఈ డిపాజిట్లు పెట్టిన తెలుగువారికి ఇక్కడ ఆ వడ్డీపై పన్ను లేకపోయినా అక్కడి రిటర్నులో చూపించాల్సిందే. మన పన్ను రహిత బాండ్ల వడ్డీకి కూడా అక్కడ మినహాయింపు లేదు.

మిగిలి ఉన్న నిల్వ ఏటేటా తరుగుతోంది. పదేళ్ల సిరీస్‌లు తీరిపోయాయి. పదిహేనేళ్లవి 2026-27 నుంచి 2030-31 మధ్య, ఇరవై ఏళ్లవి ఆ తర్వాత 2035-36 లోపు తీరుతాయి. కాబట్టి ఎంచుకోవాల్సింది కూపన్‌ను బట్టి కాదు, డబ్బు అవసరమయ్యే ఏడాదిని బట్టి. 2030లో ఇల్లు కట్టాలనుకున్నవారు ఆ లోపు తీరే సిరీస్‌ను వెతికి, అడుగుతున్న ధరకు వైటీఎం కట్టి, అదే గడువున్న డిపాజిట్ రేటును 0.688తో గుణించి రెంటినీ పక్కపక్కన పెట్టుకోవాలి. తేడా అర శాతం లోపే ఉంటే, అమ్ముకోవడంలోని ఇబ్బందికి అది సరిపోయే పరిహారం కాదు.