2015కు రెండు లెక్కలు: దళితులపై నేరాల అంకెను మూలం దాకా వెతకడం

మాదన్నపేట మండికి దగ్గర్లో ఒక చిన్న గది. ఒక కరపత్రం చిత్తుప్రతిని సరిచూస్తూ మేము కొందరం కూర్చున్నాం. అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాం: “2015తో పోలిస్తే 2016లో దేశంలో దళితులపై నేరాలు 9 శాతం తగ్గాయి.” రాసిన మిత్రుడు గాలిలోంచి తెచ్చిన అంకె కాదది. జాతీయ నేర గణాంక సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) ఏటా వేసే ‘క్రైమ్ ఇన్ ఇండియా’ పుస్తకాలు రెండు ముందు పెట్టుకుని లెక్క వేశాడు. 2015 పుస్తకంలో 45,003 కేసులు. 2016 పుస్తకంలో 40,801. తీసివేత సరిగ్గానే ఉంది. తగ్గుదల 9.3 శాతం.

చిక్కేమిటంటే, ఆ 2016 పుస్తకమే దళితులపై నేరాలు 5.5 శాతం పెరిగాయని చెబుతోంది. ఒకే సంస్థ, ఒకే పుస్తకం. మరి ఏది నమ్మాలి?

ఒక నివేదికలోని అంకె ఏ పట్టిక నుంచి వచ్చింది, ఆ పట్టికను ఏ కాగితాల నుంచి కూడారు, మధ్యలో ఏ నియమంతో లెక్కించారు అన్నది వరసగా పట్టుకోవడాన్ని డేటా లీనియేజ్ అంటారు. తెలుగులో అంకె పుట్టుపూర్వోత్తరాలు అనుకోవచ్చు. ఆ దారిలో ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో రాసిపెట్టిన జాడ ఆడిట్ ట్రయిల్. ఆ రోజు మేము చేసిన వెతుకులాటను ఇక్కడ మెట్టు మెట్టుగా చెబుతున్నాం.

ఒకే ఏడాది, రెండు మొత్తాలు

ముందుగా 2016 పుస్తకంలోని 7ఎ.1 పట్టిక తెరిచాం. అందులో మూడేళ్ల అంకెలు పక్కపక్కనే ఉంటాయి. 2014కు 40,401. 2015కు 38,670. 2016కు 40,801. అంటే మిత్రుడు పాత పుస్తకంలో చూసిన 45,003 ఇక్కడ 38,670గా మారింది. 2014 కూడా అంతే. పాత పుస్తకంలో 47,064 ఉన్నది కొత్త పుస్తకంలో 40,401 అయింది.

ఇది అచ్చుతప్పు కాదు. తేడా ఎక్కడుందో 2014 లెక్కలోకి దిగితే తెలుస్తుంది. ఆ ఏడాది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎస్సీలకు సంబంధించి నమోదైన కేసులు 40,300. పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద 101. రెండూ కలిపితే సరిగ్గా 40,401. మిగిలిన 6,663 కేసుల్లో బాధితులు ఎస్సీలే, కానీ ఆ ప్రత్యేక చట్టాలు పెట్టలేదు. ఐపీసీ సెక్షన్లతోనే కట్టిన కేసులవి. పాత పట్టిక వాటినీ కూడింది. కొత్త పట్టిక వదిలేసింది.

కాబట్టి మిత్రుడి లెక్కలో ఒకవైపు పెద్ద గంప, మరోవైపు చిన్న గంప. తగ్గింది నేరాలు కాదు, గంప. 38,670 నుంచి 40,801కి పోల్చితేనే ఒకే కొలత అవుతుంది. ఆ పెరుగుదల 5.5 శాతం.

ఇక్కడితో కూడా ఆగకూడదు. అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. చెప్పుల దండ వేయడం, మీసాలు గొరిగించడం లాంటి అవమానాలు ఆ సవరణతో చట్టంలో విడిగా పేర్కొన్న నేరాలయ్యాయి. అంటే 2016లో చట్టమే వెడల్పయింది. 5.5 శాతంలో ఎంత భాగం నేరాల పెరుగుదల, ఎంత భాగం చట్టం పరిధి పెరగడం అన్నది ఈ పట్టిక ఒక్కదాన్నే చూసి విడదీయలేం. ఆ మాట కూడా అంకె పక్కన రాయాలి.

పోలీస్ స్టేషన్ నుంచి పుస్తకం దాకా

ఆ 40,801లోని ఒక్కో ‘ఒకటి’ ఎక్కడ పుడుతుంది? మాదన్నపేట పోలీస్ స్టేషన్ లాంటి చోట. ఉదాహరణకు 2016లో మండి దగ్గర పదిమంది చూస్తుండగా ఒక కూలీని కులం పేరుతో తిట్టి కొట్టారనుకుందాం. అతను ఫిర్యాదు ఇస్తే స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ కడతారు. దానికి ఒక నంబరు, పక్కన సంవత్సరం పడతాయి. కొట్టినందుకు ఐపీసీ 323, అందరి ముందు కులదూషణకు అత్యాచారాల చట్టంలోని 3(1)(ఆర్), 3(1)(ఎస్) సెక్షన్లు పెడతారు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. నగరంలో అయితే ఏసీపీ.

స్టేషన్‌లో పుట్టిన ఆ వివరం నగర నేర రికార్డుల విభాగానికి, అక్కడి నుంచి రాష్ట్ర నేర రికార్డుల బ్యూరోకు, చివరికి ఢిల్లీలోని ఎన్‌సీఆర్‌బీకి చేరుతుంది. పుస్తకంలో ఆ ఒక్క కేసు మూడు చోట్ల కనిపిస్తుంది: తెలంగాణ వరసలో, హైదరాబాద్ మహానగర పట్టికలో, దేశం మొత్తంలో. ఈ మూడింటినీ కలిపి కూడితే ఒకే మనిషి దెబ్బలు మూడుసార్లు లెక్కించినట్టే.

ఈ దారిలో అంకె రూపం మారే మలుపులు ముఖ్యంగా రెండు.

మొదటిది ప్రధాన నేరం సూత్రం. ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని సెక్షన్లున్నా ఎన్‌సీఆర్‌బీ అన్నింటికన్నా తీవ్రమైన నేరం కిందే ఒకసారి లెక్కిస్తుంది. అత్యాచారం చేసి చంపేస్తే అది హత్యల గడిలోకి వెళుతుంది, అత్యాచారాల గడిలో కనిపించదు. కాబట్టి ‘దళిత మహిళలపై ఇన్ని అత్యాచారాలు’ అని ఆ గడి చూసి రాసేటప్పుడు, హత్యతో ముగిసినవి అందులో లేవని గుర్తుంచుకోవాలి.

రెండోది సెక్షన్ల మార్పు. మొదట ఐపీసీతోనే కట్టిన కేసులో, కుల ధ్రువీకరణ వచ్చాక, మెమో వేసి అత్యాచారాల చట్టం చేర్చడం మామూలే. తీసేయడమూ ఉంటుంది. వివరం ఏ తేదీన పైకి పంపారన్నదాన్ని బట్టి ఆ కేసు పట్టికలో ఉండొచ్చు, లేకపోవచ్చు. స్టేషన్ లెక్కకూ పుస్తకం లెక్కకూ తేడా వస్తే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఈ జాబితా ఏ తేదీ నాటిది?

రేటు వెనక దాగిన జనాభా

కేసుల సంఖ్య కన్నా ఎక్కువగా తప్పుదారి పట్టించేది రేటు. 2022లో దేశంలో ఎస్సీలపై నేరాలు 57,582. రేటు లక్షకు 28.6 అని పట్టికలో ఉంది. ఏ జనాభాతో భాగించారో చూద్దాం. 2011 జనగణనలో ఎస్సీలు 20,13,78,372 మంది. లక్షల్లో చెబితే 2013.8.

```
57582 / 2013.8 = 28.59
```

సరిపోయింది. అంటే 2022 కేసులను 2011 జనాభాతో భాగించారు. 2021 నాటి 50,900 కేసులను అదే జనాభాతో భాగించండి, పుస్తకంలోని 25.3 వస్తుంది. ఈ పదకొండేళ్లలో జనాభా పెరిగింది గనుక నిజమైన రేటు దీనికన్నా కొంత తక్కువే ఉండాలి. పైగా అదే పుస్తకంలో మొత్తం నేరాల రేటును ఆ ఏడాది అంచనా జనాభాతో భాగిస్తారు. కాబట్టి ఆ రేటునూ ఈ రేటునూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఎదుటివాళ్లు మన కరపత్రాన్ని తోసిపుచ్చడానికి ఇలాంటి ఒక్క పోలిక చాలు.

జాడ ఎలా రాసిపెట్టుకోవాలి

మేము ఆ రోజు నుంచి పాటిస్తున్న పద్ధతి చాలా సాదాది. దించుకున్న అసలు పీడీఎఫ్‌ను ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇక ముట్టుకోం. అంకెలు ఎక్కించే షీట్ వేరుగా ఉంటుంది. వాడిన ప్రతి అంకెకూ అందులో ఒక వరస రాస్తాం:

```
value,year,edition,table,file,downloaded
38670,2015,CII-2016,7A.1,cii2016.pdf,2024-11-05
45003,2015,CII-2015,7.1,cii2015.pdf,2024-11-05
```

ఇందులో `year`, `edition` వేరువేరు గళ్లుగా ఉండటమే ప్రాణం. అంకె ఏ ఏడాదిది అన్నది ఒకటి, ఏ ఏడాది పుస్తకం నుంచి తీశాం అన్నది ఇంకొకటి. మిత్రుడి పొరపాటు ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే వచ్చింది. ఈ షీట్‌లో 2015కు రెండు వరసలు కనబడగానే ఎవరైనా ఆగి అడుగుతారు.

వెబ్‌సైట్‌లోని ఫైలును తర్వాత మార్చవచ్చు, పేరు మాత్రం అదే ఉండొచ్చు. అందుకని దించుకున్న రోజే దాని వేలిముద్ర తీసుకుంటాం:

```
sha256sum cii2016.pdf
```

దీనికి ఒక పొడవాటి అక్షరాల వరస వస్తుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ వరస మారిపోతుంది. మళ్లీ దించుకున్నప్పుడు రెండూ సరిపోకపోతే, మన దగ్గరున్నదీ ఇప్పుడు సైట్‌లో ఉన్నదీ ఒకటి కాదని తేలుతుంది.

అంకెతో పాటు పట్టిక కింది చిన్న అక్షరాలనూ నకలు చేయాలి. 2019 పుస్తకంలో పశ్చిమ బెంగాల్ వివరాలు సమయానికి రాకపోవడంతో 2018 అంకెలనే వాడినట్టు కింద రాసి ఉంది. అది చదవనివాళ్లు ‘బెంగాల్‌లో ఏ మార్పూ లేదు’ అని రాసేస్తారు.

జాడ ఆగిపోయే చోటు

పుస్తకం నుంచి రాష్ట్రం దాకా మనం వెనక్కి నడవగలం. ఆ కిందికి దిగాలంటే సమాచార హక్కు దరఖాస్తే దారి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. అందులో పేర్లు అడగొద్దు. దర్యాప్తుకు అడ్డమనో, వ్యక్తిగతమనో తిరస్కరించే వీలు ఇచ్చినట్టవుతుంది, బాధితులకూ ముప్పు. ఒక ఏడాదిలో అత్యాచారాల చట్టం కింద కట్టిన ఎఫ్‌ఐఆర్ నంబర్లు, తేదీలు, మొదట పెట్టిన సెక్షన్లు, తర్వాత మార్చిన సెక్షన్లు, కేసు ప్రస్తుత స్థితి. ఈ ఐదూ అడిగితే చాలు. ఎఫ్‌ఐఆర్‌లను ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. కాబట్టి ఆన్‌లైన్ జాబితాను పూర్తి జాబితాగా తీసుకోకూడదు.

ఎఫ్‌ఐఆర్ కట్టని దెబ్బకు మాత్రం ఏ జాడా లేదు. స్టేషన్ గుమ్మం నుంచి వెనక్కి పంపిన ఫిర్యాదు ఏ పట్టికలోనూ చేరదు. ఈ అంకెలు కొలిచేది నమోదును, జరిగిన హింస మొత్తాన్ని కాదు.

ఆ సాయంత్రం కరపత్రంలో వాక్యం ఇలా మారింది: “ఎన్‌సీఆర్‌బీ 2016 పుస్తకం, 7ఎ.1 పట్టిక ప్రకారం, ఎస్సీలపై నమోదైన కేసులు 2015లో 38,670, 2016లో 40,801. ప్రత్యేక చట్టాలు పెట్టని కేసులు ఇందులో లేవు. 2016లో చట్టం పరిధి కూడా పెరిగింది.” మొదటిదాని కన్నా పొడవైన వాక్యం. కానీ ఎవరు ఎదురు ప్రశ్న వేసినా కాగితం తీసి చూపించగలం.